కొత్త లోన్‌కు సంతకం పెట్టే ముందు: జీతంలో ఈఎంఐలకు ఎంత చోటుందో లెక్క కట్టడం ఎలా

"అన్నా, కారు లోన్ ఓకే అయింది. ఐదు లక్షలు, ఐదేళ్లు, నెలకు 10,624. ఇంటి లోన్‌తో కలిపినా నా జీతంలో మూడో వంతు దాటట్లేదు. సంతకం పెట్టేయనా?"

నాతో పనిచేసే కుర్రాడు ఫోన్‌లో అడిగిన మాట ఇది. కొన్నేళ్లపాటు నేను లోన్ దరఖాస్తులు చూసే సీట్లో కూర్చున్నాను కాబట్టి ఇలాంటి ఫోన్లు నాకు మామూలే. అతను వేసిన లెక్కలో కూడికలు, భాగాహారాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. 17,400 ఇంటి కిస్తీకి 10,624 కలిపితే 28,024. దాన్ని 90,000 జీతంతో భాగిస్తే 31 శాతం. కాకపోతే పైన వేసిన అంకె తప్పు, కింద వేసిన అంకె కూడా తప్పు. రెండూ సరిచేశాక అదే లోన్‌కు వచ్చిన జవాబు 52 శాతం.

ఆ 31కి, ఈ 52కి మధ్య తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తూ వెళ్తే మీ లెక్క మీరు వేసుకోవడం వచ్చేస్తుంది. అతని అంకెలనే చివరిదాకా వాడతాను. పక్కన ఒక కాగితం పెట్టుకుని మీ అంకెలు రాసుకుంటూ రండి.

ముందు కింది అంకె: మీ ఆదాయం అసలెంత?

అతను చెప్పిన 90,000 ఆఫర్ లెటర్‌లో ఉన్న అంకె. పన్ను, రిటైర్మెంట్ పొదుపు కోతలు పోగా ఖాతాలో పడేది వేరు. ఈఎంఐ కట్టేది ఖాతాలో పడిన డబ్బులోంచే కాబట్టి లెక్కా దాని మీదే వేయాలి. లోన్ ఇచ్చేవాళ్లు చాలాచోట్ల కోతలకు ముందున్న జీతం చూస్తారు. వాళ్ల సౌకర్యం వాళ్లది.

బ్యాంకు స్టేట్‌మెంట్ తెరిచి, గత ఆరు నెలల్లో జీతంగా పడిన మొత్తాలు వరసగా రాయమన్నాను. అతను రాసినవి ఇవి: 76,000, 71,000, 79,000, 68,000, 74,000, 82,000. సగటు 75,000. జీతంలో ఒక భాగం ఇన్సెంటివ్ కావడం వల్ల ఈ ఎగుడుదిగుళ్లు.

ఇప్పుడు ఇందులో ఏది తీసుకోవాలి? చాలామంది సగటు దగ్గర ఆగిపోతారు. నేను 68,000 తీసుకోమంటాను, అంటే అన్నిటికంటే తక్కువ వచ్చిన నెల. కిస్తీ ఏ నెలకా నెల ఒకే తేదీన పోతుంది. ఈ నెల తక్కువ వచ్చింది కదా అని అది తగ్గదు. ఎక్కువ వచ్చిన నెలలో మిగిలింది తక్కువ వచ్చిన నెలకు దాచిపెట్టే మనిషైతే సగటు సరిపోతుంది. నేను చూసినంతలో అలాంటివాళ్లు కొత్త లోన్ కోసం నా టేబుల్ దగ్గరికి చాలా తక్కువగా వచ్చేవారు.

ఒక మినహాయింపు ఉంది. ఆ తక్కువ నెలకు మళ్లీ రాని కారణం ఏదైనా ఉంటే, ఉదాహరణకు జీతం లేని సెలవు పెట్టి ఉంటే, ఆ నెల వదిలేసి, మిగతావాటిలో అన్నిటికంటే తక్కువ వచ్చిన నెల తీసుకోండి. ఇన్సెంటివ్ తగ్గడం అలాంటి కారణం కాదు, అలా తగ్గడం మళ్లీ జరుగుతుంది.

జీతం కాకుండా సొంత వ్యాపారమో, కాంట్రాక్టు పనో అయితే ఆరు నెలలు చాలవు. పన్నెండు నెలల రాబడిలోంచి పని ఖర్చులు తీసేసి, అన్నిటికంటే తక్కువ మిగిలిన మూడు నెలల సగటు తీసుకోండి. ఇది అతి జాగ్రత్త అనిపించవచ్చు. సింగపూర్‌లో లోన్ ఇచ్చే సంస్థలు ఇలా మారుతూ ఉండే ఆదాయంలో కనీసం 30 శాతం కోసేసి, మిగిలిందే లెక్కలోకి తీసుకోవాలని అక్కడి కేంద్ర బ్యాంకు నిబంధనే ఉంది. ఇచ్చేవాడే అంత కోత వేసుకుంటున్నప్పుడు కట్టేవాడు వేసుకోవడంలో తప్పేముంది?

ఇంట్లో ఇద్దరు సంపాదిస్తుంటే ఇద్దరివీ కలపొచ్చు. కానీ లోన్ నడిచే ఐదేళ్లలోనో, పదేళ్లలోనో ఒకరి జీతం ఆగే అవకాశం ముందే తెలిసి ఉంటే (బిడ్డ కోసం విరామం, రిటైర్మెంట్, మళ్లీ చదువు) ఆ జీతం తీసేసి కూడా ఒకసారి వేసి చూడండి.

తర్వాత పై అంకె: నెలనెలా పోయే కిస్తీలన్నీ

"ఇంటి లోన్ ఒక్కటేనా?" అని అడిగితే "అంతే అన్నా" అన్నాడు. స్టేట్‌మెంట్ చూడమన్నాను. కాసేపు ఆగి, "బైక్ ఉంది, అయిపోవచ్చింది" అన్నాడు. ఇంకొంచెం ఆగి, "ఫోన్‌ది కూడా ఉంది, కానీ అది వడ్డీ లేనిది" అన్నాడు. క్రెడిట్ కార్డు సంగతి నేను అడిగితే గానీ బయటికి రాలేదు.

ఇందులో అబద్ధం ఏమీ లేదు. మన తలలో 'లోన్' అనే మాటకు ఒక పెద్ద కాగితాల కట్ట గుర్తొస్తుంది. చిన్నవి ఆ పేరుతో గుర్తుకు రావు. అందుకే జ్ఞాపకం మీద ఆధారపడకుండా మూడు నెలల స్టేట్‌మెంట్‌లో ఆటో డెబిట్లన్నీ గీత గీసి లెక్కపెట్టాలి. అతని జాబితా చివరికి ఇలా తేలింది. ఇంటి లోన్ 17,400, బైక్ 2,900 (ఇంకో నాలుగు నెలలు), ఫోన్ 1,700 (ఇంకో ఏడు నెలలు), కార్డు 3,000. మొత్తం 25,000.

కార్డు 3,000 ఎలా వచ్చిందో చెప్పాలి. కార్డు మీద 60,000 బాకీ ఉంది, నెలనెలా కనీస మొత్తం మాత్రం కడుతున్నాడు. బిల్లు పూర్తిగా కట్టేసేవాళ్లకు కార్డు కిస్తీ కిందికి రాదు, అది ఇంటి ఖర్చే. బాకీ మిగులుతూ పోతుంటే మాత్రం అది లోనే, అన్నిటికంటే ఖరీదైన లోన్. వడ్డీ నెలకు 3 శాతం అనుకున్నా 60,000 మీద 1,800 అవుతుంది. అంటే అతను కట్టే 3,000లో అసలుకు పోయేది 1,200 మాత్రమే. మిగతా లోన్లకు ఒక చివరి తేదీ ఉంది, దీనికి లేదు.

జాబితాలో సాధారణంగా తప్పిపోయేవి ఇంకో రెండున్నాయి. మొదటిది, నెలనెలా కట్టకుండా గడువు చివర ఒకేసారి తీర్చే అప్పు. ఏదైనా తాకట్టు పెట్టి ఏడాదికి 36,000 తీసుకుంటే నెలనెలా ఏమీ పోదు, కాబట్టి కనిపించదు. కానీ పన్నెండో నెలలో మొత్తం అడుగుతారు. దాన్ని వడ్డీతో కలిపి, మిగిలిన నెలలతో భాగించి కిస్తీలాగే రాయండి. స్నేహితుల దగ్గర, బంధువుల దగ్గర తీసుకున్న చేబదులు కూడా అంతే. క్రెడిట్ రిపోర్టులో అవి ఉండవు కాబట్టి లోన్ ఇచ్చేవాళ్లకు తెలియవు. మీకు తెలుసు.

రెండోది, మీరు హామీ సంతకం పెట్టిన లోన్. దాన్ని కిస్తీల్లో కలపమని అనను. అసలు మనిషి సరిగ్గా కడుతున్నాడో లేదో కనుక్కుని, కట్టకపోతే మీరు మోయాల్సిన నెలసరి ఎంతో పక్కన రాసి ఉంచండి. అతను ఇప్పటికే ఆలస్యం చేస్తుంటే మాత్రం కలిపేయడమే నయం.

"ఇంకో నాలుగు నెలల్లో అయిపోయేదాన్ని ఎందుకు కలపాలి?" అని మా కుర్రాడు అడిగాడు. కొన్నిచోట్ల లోన్ ఇచ్చేవాళ్లు కూడా అలా అయిపోవచ్చినవి వదిలేస్తారు. నేను కలపమంటాను, ఎందుకంటే కొత్త కిస్తీ వచ్చే నెలే మొదలవుతుంది. బైక్ కిస్తీ అప్పటికి అయిపోదు. అయిపోయాకే కొత్తది మొదలుపెట్టే వీలుంటే అప్పుడు తీసేయండి. ఈ సంగతి మళ్లీ కింద వస్తుంది.

గీత ఎక్కడ గీయాలి?

25,000ను 68,000తో భాగిస్తే 36.8 శాతం. ఇది కారు లోన్ లేకుండానే. కారు కిస్తీ కలిపితే 35,624, అంటే 52.4 శాతం.

మరి ఎంత ఉంటే భద్రం? అన్నిచోట్లా చెల్లే ఒకే అంకె లేదు. అమెరికాలో చాలాకాలంగా వాడుకలో ఉన్న కొండగుర్తు ఇంటి లోన్ కిస్తీ లాంటి నివాస ఖర్చు 28 శాతం, అన్ని అప్పులూ కలిపి 36 శాతం అని. సింగపూర్‌లో ఆస్తి లోన్లకు అన్ని అప్పుల కిస్తీలూ కలిపి 55 శాతం దాటకూడదని 2021 డిసెంబరు నుంచి హద్దు ఉంది, అంతకుముందు అది 60. భారత్‌లో మైక్రోఫైనాన్స్ లోన్లకు రిజర్వు బ్యాంకు 2022లో పెట్టిన హద్దు ప్రకారం కుటుంబం కట్టే అన్ని కిస్తీలూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు.

36 నుంచి 55 దాకా ఇంత తేడా ఉండటానికి కారణం, ఇవన్నీ ఇచ్చేవాళ్లు ఎక్కడ ఆగాలో చెప్పే గీతలు. అంతకు మించితే లోన్ మునిగే ప్రమాదం పెరుగుతుందని వాళ్ల భావన. గీతకు లోపల ఉంటే మీ ఇల్లు హాయిగా నడుస్తుందని వాటి అర్థం కాదు. పైగా సింగపూర్, అమెరికా అంకెలు కోతలకు ముందున్న ఆదాయం మీద వేసేవి.

నేను చెప్పే గీత ఇది. చేతికొచ్చే ఆదాయం మీద, తక్కువ నెల మీద, అన్ని కిస్తీలూ కలిపి 40 శాతం. ఇంటి లోన్ కూడా అందులోనే. ఇల్లు అద్దెది అయితే అద్దెను కిస్తీగా లెక్కపెట్టి అదే 40లో పట్టించండి, లేదా అద్దె పక్కన పెట్టి మిగతా కిస్తీలను 20 లోపు ఉంచండి. ఆదాయం నిలకడ లేనివాళ్లకు 40 కూడా ఎక్కువే, 30 దగ్గర ఆగడం మంచిది. ఇది నా అనుభవంతో చెప్తున్న గీత, ఏ చట్టంలోనూ లేదు.

మా కుర్రాడికి 68,000లో 40 శాతం అంటే 27,200. ఇప్పటికే పోతున్నవి 25,000. అంటే కొత్త కిస్తీకి ఉన్న చోటు 2,200. అతను తీసుకోబోతున్నది 10,624.

శాతం ఒక్కటే చాలదు, మిగిలేది చూడాలి

40 శాతం అందరికీ ఒకేలా పనిచేయదు. నెలకు రెండు లక్షలు వచ్చే మనిషి సగం కిస్తీలకు పోసినా లక్ష మిగులుతుంది. 25,000 వచ్చే మనిషి 40 శాతం కడితే 15,000 మిగులుతుంది, దాంతో నలుగురు బతకాలంటే ఆ శాతం భద్రమా కాదా? అందుకే శాతం తర్వాత ఇంకో జల్లెడ పట్టాలి: కిస్తీలు పోగా మిగిలిన డబ్బులో ఇల్లు నడుస్తుందా అని.

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఏడాదికోసారి వచ్చే ఖర్చులు మర్చిపోవడం. మా కుర్రాడి నెలసరి ఇంటి ఖర్చు 24,000. అదొక్కటే చెప్పాడు. పిల్లల ఫీజులు, ఇన్సూరెన్సు ప్రీమియంలు కలిపి ఏడాదికి 84,000. అవి వచ్చిన నెలలో కార్డు గీకడం, తర్వాత నెలల తరబడి తీర్చడం జరుగుతోంది. ఆ 60,000 బాకీ ఎక్కడి నుంచి పుట్టిందో అతనికి అప్పుడే అర్థమైంది. 84,000ను పన్నెండుతో భాగిస్తే 7,000. కాబట్టి అసలు ఇంటి ఖర్చు 31,000.

దీనికి కొత్త లోన్‌తో కొన్న వస్తువు తెచ్చే ఖర్చు కలపాలి. కారు వస్తే ఇంధనం, ఇన్సూరెన్సు, సర్వీసింగ్ వస్తాయి. అతని వాడకానికి నెలకు 5,000 వేసుకున్నాం. మొత్తం 36,000.

ఇప్పుడు చూడండి. తక్కువ నెల 68,000లోంచి కిస్తీలు 35,624 పోతే 32,376 మిగులుతుంది. కావాల్సింది 36,000. లోటు 3,624. సగటు నెల 75,000 అయితే 3,376 మిగులు. అంటే కొన్ని నెలలు బాగానే గడుస్తాయి, కొన్ని నెలలు కార్డు మీద పడతాయి. ఈ రకం ఇబ్బంది మొదటి నెలలో బయటపడదు. ఏడాది తర్వాత కార్డు బాకీ 60,000 నుంచి పైకి ఎక్కి ఉన్నప్పుడు "ఖర్చులు ఎక్కడ పెరిగాయో తెలియట్లేదు" అనే టెన్షన్‌గా బయటపడుతుంది.

వడ్డీ పెరిగితే?

ఫ్లోటింగ్ వడ్డీ లోన్ ఒక్కటైనా ఉంటే ఈ అడుగు దాటేయకండి. కెనడాలో బ్యాంకులు ఇంటి లోన్ ఇచ్చేటప్పుడు ఒప్పందంలో ఉన్న వడ్డీకి 2 శాతం కలిపి, ఆ ఎక్కువ కిస్తీని కూడా కట్టగలరా అని చూస్తాయి. మీరూ అదే చేయండి. కొత్తదానికే కాదు, ఇప్పటికే నడుస్తున్న ఫ్లోటింగ్ లోన్‌కు కూడా.

మా కుర్రాడి ఇంటి లోన్‌లో ఇంకా దాదాపు 20 లక్షల బాకీ ఉంది, ఇరవై ఏళ్లు ఉంది, వడ్డీ 8.5 శాతం. అది 10.5 అయితే కిస్తీ 17,400 నుంచి సుమారు 20,000 అవుతుంది. కొన్నిసార్లు బ్యాంకు కిస్తీ పెంచకుండా గడువు పొడిగిస్తుంది, దాంతో నెలసరి మారదు. కానీ ఎంత గడువైనా పొడిగించే వీలుండదు, రిటైర్మెంట్ వయసు అడ్డం వస్తుంది. కాబట్టి కిస్తీ పెరుగుతుందనే అనుకుని 20,000 వేసుకోవాలి.

ఇప్పుడు లెక్కను తిప్పి వేయండి

మామూలుగా ముందు వస్తువు చూస్తాం, తర్వాత లోన్ మొత్తం, ఆ తర్వాత ఈఎంఐ. ఈ వరసలో పోతే చివరికి గడువు పెంచి ఈఎంఐని సరిపెట్టుకోవడమే మిగులుతుంది. వరస తిరగేయండి. ముందు కిస్తీకి ఉన్న చోటు, దాన్నిబట్టి లోన్ మొత్తం, దాన్నిబట్టి వస్తువు.

స్ప్రెడ్‌షీట్‌లో ఒక్క వరసతో అయిపోతుంది. నెలకు 7,200 కట్టగలిగితే 10 శాతం వడ్డీకి, 60 నెలలకు ఎంత లోన్ వస్తుందో ఇది చెప్తుంది:

```
=PV(10%/12, 60, -7200)
```

జవాబు 3,38,870 దగ్గర వస్తుంది. లోన్ మొత్తం తెలిసి ఈఎంఐ కావాలంటే:

```
=PMT(10%/12, 60, -500000)
```

ఇది 10,624 ఇస్తుంది. మీకు చెప్పిన ఈఎంఐ ఈ జవాబుకంటే బాగా ఎక్కువ ఉంటే వాళ్లు చెప్పిన వడ్డీ 'ఫ్లాట్' అయి ఉండొచ్చు. ఫ్లాట్ 10 శాతమంటే మొదటి రోజు అసలు మీద ఐదేళ్లూ వడ్డీ వేస్తారు. ఐదు లక్షలకు ఈఎంఐ 12,500 అవుతుంది, అసలు వడ్డీ 17 శాతం పైనే. అడిగి తేల్చుకోండి.

7,200 అంకె నేను ఊరికే తీసుకోలేదు. మా కుర్రాడు ఈ రోజే సంతకం పెడితే ఉన్న చోటు 2,200, దానికి వచ్చే లోన్ లక్ష పైన కొంచెం. దాంతో కారు రాదు. కానీ ఏడు నెలలు ఆగితే బైక్ కిస్తీ, ఫోన్ కిస్తీ రెండూ అయిపోతాయి. కార్డు బాకీ 60,000ను డౌన్ పేమెంట్ కోసం దాచిన రెండు లక్షల్లోంచి ఇప్పుడే తీర్చేస్తే ఆ 3,000 కూడా పోతుంది. మిగిలేది ఇంటి లోన్ ఒక్కటే. దాన్ని పెరిగిన వడ్డీతో 20,000 వేసుకుంటే, 27,200లో 7,200 చోటు.

డౌన్ పేమెంట్ తగ్గించుకుని కార్డు తీర్చడం అతనికి మింగుడు పడలేదు. "డౌన్ పేమెంట్ తగ్గితే లోన్ పెరుగుతుంది కదా?" అన్నాడు. పెరుగుతుంది. కానీ నెలకు 3 శాతం వడ్డీ పడే అప్పును అలాగే ఉంచి, ఏడాదికి 10 శాతం పడే అప్పును తగ్గించుకోవడం ఏ రకంగానూ లాభం కాదు. పైగా 60,000 కట్టి నెలకు 3,000 చోటు సంపాదించాడు. అదే 60,000 కారు లోన్‌లో తగ్గిస్తే ఈఎంఐ తగ్గేది 1,275 మాత్రమే.

ఈలోపు షోరూమ్ నుంచి ఫోన్ వచ్చింది. "ఏడేళ్లు పెట్టుకోండి సార్, ఈఎంఐ 8,300కి వస్తుంది." ఇది అందరికీ వచ్చే ఫోనే. ఏడేళ్లకు ఈఎంఐ 8,301 అవుతుంది, నిజమే. మొత్తం వడ్డీ 1,37,000 నుంచి 1,97,000 అవుతుంది. ఆ అరవై వేలకంటే నాకు ఎక్కువ ఇబ్బందిగా అనిపించేది ఇంకొకటి. గడువు పెంచితే శాతం తగ్గి కాగితం మీద భద్రంగా కనిపిస్తుంది, కానీ ఆ చోటు ఇంకో రెండేళ్లు మూసుకుపోతుంది. ఆరో ఏట ఏదైనా అవసరం వస్తే పాత కారుకు ఇంకా కిస్తీ కడుతూ ఉంటాడు. అందుకే పోల్చి చూసే గడువును ముందే నిర్ణయించుకోవాలి. వాహనానికి ఐదేళ్లు, ఇంట్లో వాడే వస్తువులకు ఏడాది. ఆ గడువులో పట్టకపోతే అది పట్టలేదనే అర్థం.

ఉత్తుత్తి ఈఎంఐ కట్టి చూడండి

కాగితం మీద తేలిన చోటు నిజంగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒకే దారి ఉంది. లోన్ తీసుకోకముందే ఆ కిస్తీ కట్టడం. కిస్తీ ఒక్కటే కాదు, వస్తువు తెచ్చే ఖర్చు కూడా కలపాలి. జీతం పడిన రెండో రోజున ఆ మొత్తం వేరే ఖాతాకు ఆటోమేటిక్‌గా పోయేలా పెట్టండి. ఆ ఖాతా కార్డు ఇంట్లో ఎవరి పర్సులోనూ ఉండకూడదు.

మా కుర్రాడు 7,200కు 5,000 కలిపి 12,200 పెట్టుకున్నాడు. మొదటి రెండు నెలలు సాఫీగా పోయాయి. మూడో నెలలో ఫీజులు వచ్చాయి, ఆ ఖాతాలోంచి 9,000 వెనక్కి తీశాడు. ఫోన్ చేసి సిగ్గుపడుతూ చెప్పాడు. సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఈ ప్రయత్నం పెట్టుకున్నదే దీనికోసం. ఫీజుల కోసం నెలకు 7,000 పక్కన పెట్టాలని కాగితం మీద రాసుకున్నాడు గానీ నిజంగా పెట్టలేదు. నాలుగో నెల నుంచి దానికీ ఒక ఆటో ట్రాన్స్‌ఫర్ పెట్టాడు. తర్వాత ఇక తీయాల్సిన అవసరం రాలేదు.

మీ విషయంలో కూడా ఒకసారి తీయాల్సి వస్తే కారణం చూడండి. లెక్కలో మర్చిపోయిన ఖర్చు అయితే దాన్ని కలిపి, కిస్తీ తగ్గించి మళ్లీ మొదలుపెట్టండి. ఆరు నెలల్లో మూడుసార్లు తీయాల్సి వస్తే కారణం ఏదైనా ఆ కిస్తీ మీకు ఎక్కువే. అసలు ఈఎంఐ అయితే ఆ మూడుసార్లూ చెక్ బౌన్సే, ఛార్జీలే, క్రెడిట్ రిపోర్టులో మచ్చలే.

అత్యవసరంగా లోన్ కావాల్సినవాళ్లకు ఇంత టైమ్ ఉండదు. ఆసుపత్రి ఖర్చు ఏడు నెలలు ఆగదు. అలాంటప్పుడు 40 దాటక తప్పకపోవచ్చు. దాటితే ఏ కిస్తీ ఏ నెలలో అయిపోయి మళ్లీ గీత లోపలికి వస్తారో సంతకానికి ముందే రాసి పెట్టుకోండి. ఆ నెల ఏడాదికంటే దూరంగా ఉంటే, కొత్త లోన్ తీసుకునే ముందు పాత బ్యాంకును గడువు మార్చమని అడగడం, ఏదైనా అమ్మి పెద్ద కిస్తీ ఒకటి మూసేయడం లాంటివి చూడాలి. కిస్తీ కట్టడానికి ఇంకో లోన్ తీసుకునే పరిస్థితి ఇప్పటికే ఉంటే ఈ లెక్క మీకు ఆలస్యంగా దొరికినట్టే. అప్పుడు కొత్త లోన్ మాట పక్కన పెట్టి, ఉన్నవాళ్లతోనే మాట్లాడాలి.

సంతకం రోజున

ఏడు నెలల తర్వాత మా కుర్రాడి దగ్గర కార్డు తీర్చగా మిగిలిన 1,40,000, వేరే ఖాతాలో పోగైన 76,400 ఉన్నాయి. 3,38,000 లోన్ కలిపితే ఐదున్నర లక్షలు. ముందు చూసిన ఏడు లక్షల కారు దానికి రాలేదు. రెండేళ్లు వాడిన కారు చూసుకున్నాడు. వాడిన కారు లోన్‌కు వడ్డీ కొంచెం ఎక్కువ చెప్పారు, దాంతో అదే ఫార్ములాలో వడ్డీ మార్చి, లోన్ మూడు లక్షల పాతిక వేలకు తగ్గించుకున్నాడు. మిగతాది అమ్మేవాళ్లతో బేరం ఆడి సరిపెట్టాడు.

సంతకం ముందు నేను చూడమన్నవి రెండే. ఒకటి, కిస్తీల పట్టిక తీసుకుని అందులో మొదటి కిస్తీ అంకె, చివరి కిస్తీ నెల మన కాగితంలో ఉన్నవేనా అని. ఇన్సూరెన్సు, ప్రాసెసింగ్ ఫీజు లాంటివి లోన్‌లోనే కలిపేస్తే ఆ అంకె చప్పుడు లేకుండా పెరుగుతుంది. అతని పట్టికలో కిస్తీ 300 ఎక్కువ ఉంది. అడిగితే "లోన్ ప్రొటెక్షన్ సార్, అందరికీ ఉంటుంది" అన్నారు. తప్పనిసరా అని మళ్లీ అడిగితే కాదన్నారు, తీసేశారు. రెండోది కిస్తీ తేదీ. జీతం నెలాఖరున పడుతుంది, వాళ్లు పెట్టిన తేదీ 25. దాన్ని 3కి మార్పించాడు.

ఉత్తుత్తి ఈఎంఐ పోయే ఖాతాను మాత్రం మూయలేదు. ఇంటి లోన్ వడ్డీ ఇంకా పెరగలేదు కాబట్టి దానికోసం వేసుకున్న 2,600 ఇప్పుడు నెలనెలా అందులోకి పోతోంది. మొన్న "మీకు నాలుగు లక్షల పర్సనల్ లోన్ సిద్ధం" అని మెసేజ్ వస్తే నాకు ఫార్వర్డ్ చేశాడు, కింద ఒక్క ముక్క రాసి: "చోటు సున్నా అన్నా."